ఊరి నుంచి లైబ్రరీకి దారి

పత్తికొండకు అవతల ఒక మెట్ట గ్రామం. అక్కడి రైతు బిడ్డ ఒకరు కర్నూలులో ప్రభుత్వ విద్యాసంస్థలో ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం చదువుతున్నదనుకుందాం. పేరు అక్కరలేదు. కర్నూలు, కడప జిల్లాల మెట్ట గ్రామాలలో ఇటువంటి పిల్లలు ఎందరో ఉన్నారు. వేరుశనగకు వచ్చే కాండం కుళ్లు వైరస్ తెగులు మీద ఆమె ప్రాజెక్టు రాస్తున్నది. హాస్టలు ఖర్చు భరించలేక సెలవులకు ఇంటికి వచ్చింది. పగలు చేలో నమూనాలు చూడడం, రాత్రి చదువుకోవడం. చదవవలసిన వ్యాసం పేరు దొరికింది. సెల్‌ఫోనులో తెరిచింది. మొదటి పేరా కనిపించింది. దాని కింద వ్యాసం మొత్తం కావాలంటే ముప్ఫయి, నలభై డాలర్లు కట్టమని రాసి ఉన్నది. మన రూపాయలలో రెండున్నర వేలకు తక్కువ కాదు.

"ఏంది పాపా, ఆ సెల్లు దుడ్లు అడుగుతాందా?" అని తండ్రి అడిగాడు. "ఇదే కాలేజీలో కూచుంటే ఊరికే వస్తుంది నాయనా, ఇంట్లో మాత్రం అడుగుతాంది" అన్నది ఆ అమ్మాయి. తండ్రికి ఈ న్యాయం అర్థం కాలేదు. అర్థం కాకపోవడంలో ఆయన తప్పు లేదు.

ఆ అమ్మాయి కళాశాల ఐటీ విభాగానికి ఉత్తరం రాసింది. "అయ్యా, ఇంటి వద్ద లైబ్రరీ పని చేయడం లేదు. దయచేసి వీపీఎన్ ఇప్పించగలరు" అని రెండు వాక్యాలు. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. "మా వైపు అంతా సరిగానే ఉన్నది, మరోసారి ప్రయత్నించండి" అని. ఆమె మరోసారి ప్రయత్నించింది. మళ్లీ డాలర్లే కనిపించాయి. ఇటువంటి ఉత్తరాలు, ఇటువంటి జవాబులు మన కళాశాలల్లో మామూలైపోయినవి. రాసిన వారిదీ, జవాబిచ్చిన వారిదీ దురుద్దేశం కాదు. ఏది ఎక్కడ ఆగిందో ఇద్దరికీ తెలియకపోవడమే అసలు చిక్కు. అది తెలిస్తే ఉత్తరం ఎలా రాయాలో, ఎవరికి రాయాలో దానంతట అదే తెలుస్తుంది.

కళాశాలలో తెరుచుకున్న వ్యాసం ఊళ్లో ఎందుకు మూసుకుంటుంది? వ్యాసాన్ని అమ్మే విదేశీ సంస్థకు మన అమ్మాయి ముఖం తెలియదు, హాల్ టికెట్టు తెలియదు. దానికి కనిపించేది ఒక్కటే: అడుగుతున్న లైను నంబరు. ఇంటర్నెట్ మీద ప్రతి లైనుకూ ఐపీ అడ్రసు అనే నంబరు ఒకటి ఉంటుంది. చందా కట్టిన విద్యాసంస్థ తన నంబర్లను ముందే ఆ సంస్థకు రాసి ఇస్తుంది. ఆ నంబర్ల నుంచి ఎవరు అడిగినా తలుపు తెరుచుకుంటుంది. ఇంటి దగ్గర సెల్‌ఫోను వాడినప్పుడు కనిపించేది ఫోన్ కంపెనీ నంబరు. ఒకే నంబరును కంపెనీ ఏకకాలంలో ఎందరో ఖాతాదారులకు పంచుతుంది కూడా. అందువల్ల ఆ నంబరు చూసి ఈమె ఫలానా కళాశాల విద్యార్థిని అని చెప్పడం ఎవరి వల్లా కాదు. చౌక డిపోలో డీలరు కార్డు చూసి బియ్యం ఇచ్చినట్లే ఇదీను. మనిషి ఆకలి నిజమే కావచ్చు, కార్డు ఇంట్లో మరిచి వస్తే తూకం వేయడు.

వీపీఎన్ చేసే పని ఆ కార్డును ఊరిదాకా తేవడం. దీనిని టపా భాషలో చెప్పుకోవచ్చు. ఊళ్లో అమ్మాయి ఒక ఉత్తరం రాసి కవరులో పెట్టి, ఆ కవరును మరో పెద్ద కవరులో పెట్టి ముద్ర వేసి కళాశాలకు పంపుతుంది. కళాశాలలో ఉన్న యంత్రం పేరు, పాస్‌వర్డ్ సరిచూసి పై కవరు విప్పుతుంది. లోపలి కవరును తన చిరునామాతో టపాలో వేస్తుంది. విదేశీ సంస్థకు అది కళాశాల నుంచి వచ్చిన ఉత్తరంగానే కనిపిస్తుంది. జవాబు కళాశాలకు వస్తుంది, అక్కడి నుంచి తిరిగి పెద్ద కవరులో ఊరికి చేరుతుంది. దారిలో ఉన్నవారు పై కవరును చూడగలరే గాని లోపలిది చదవలేరు. ఇంతే దీని మర్మం.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఫోనులో ఉచితంగా దొరికే వీపీఎన్ యాప్ ఒకటి దించుకుని లైబ్రరీ తెరుచుకుంటుందని ఆశపడతారు. ఆ యాప్ ఉత్తరాన్ని తీసుకుపోయేది ఎక్కడో విదేశంలో ఉన్న యంత్రానికి. చందా కట్టినది కళాశాల గాని ఆ యంత్రం కాదు. తలుపు తెరుచుకోదు సరికదా, మన పాస్‌వర్డులు, మనం చూసే పేజీలు ముక్కూ మొహం తెలియని వారి చేతి మీదుగా పోతాయి. కళాశాల ఇచ్చిన వీపీఎన్ తప్ప మరొకటి ఈ పనికి పనికిరాదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఉత్తరం దగ్గరకు వద్దాం. "లైబ్రరీ పని చేయడం లేదు" అన్న మాటలో కనీసం మూడు వేర్వేరు జబ్బులు దాగి ఉన్నాయి. మొదటిది, వీపీఎన్ అసలు కలవకపోవడం. పేరు, పాస్‌వర్డ్ కొట్టగానే తప్పు అని వస్తుంది. పాస్‌వర్డ్ నిజంగా తప్పు కావచ్చు. లేదా పాస్‌వర్డ్ సరైనదే అయినా ఆమె పేరును వీపీఎన్ వాడే వారి జాబితాలో చేర్చి ఉండకపోవచ్చు. ఇదే పేరుతో కళాశాల ఈమెయిలు తెరుచుకుంటూ, వీపీఎన్ మాత్రం వద్దంటున్నదంటే రెండవ కారణమే ఎక్కువగా ఉంటుంది. ఈ ఒక్క మాట ఉత్తరంలో ఉంటే చూసేవారికి సగం పని తప్పుతుంది.

రెండవ జబ్బు, వీపీఎన్ కలిసినట్లే కనిపించి వ్యాసం మాత్రం డబ్బు అడగడం. మన అమ్మాయిది ఇదే. దీనికి కారణాలు కొంచెం లోతైనవి. చాలా కళాశాలలు తమ లైను మీద భారం పడకుండా, వీపీఎన్‌లో లైబ్రరీకి సంబంధించిన చిరునామాలను మాత్రమే కళాశాల మీదుగా పంపుతాయి. మిగిలినవన్నీ ఫోన్ కంపెనీ దారినే నేరుగా పోతాయి. ఇది మంచి పద్ధతే. కాని కొత్తగా చందా కట్టిన పత్రిక చిరునామాను ఆ జాబితాలో చేర్చడం మరిచారంటే, వీపీఎన్ కలిసి ఉన్నా ఆ పత్రిక ఒక్కటి ఫోన్ కంపెనీ దారినే పోయి డబ్బు అడుగుతుంది. కళాశాల తన లైనును మార్చుకుని, కొత్త నంబరును పత్రిక వారికి తెలియజేయకపోయినా ఇదే జరుగుతుంది. అసలు ఆ పత్రికకు కళాశాలకు చందాయే లేకపోవచ్చు. అప్పుడు వీపీఎన్ ఎంత బాగా పని చేసినా ప్రయోజనం లేదు.

ఈ కారణాలను విడదీసే పరీక్ష చాలా సులభం. ఖర్చు లేనిది. అదే రోజు కళాశాల ఆవరణలో, కళాశాల లైను మీద ఉన్న స్నేహితురాలిని అదే వ్యాసం తెరవమనాలి. అక్కడ కూడా డబ్బు అడిగిందా, చందా లేనట్లు, లేదా కళాశాల నంబరు పత్రిక వారి దగ్గర సరిగా లేనట్లు. ఆ సంగతి లైబ్రేరియన్ చూడవలసినది. అక్కడ తెరుచుకుని ఊళ్లో మాత్రం మూసుకుందా, లోపం వీపీఎన్‌లో ఉన్నట్లు. అది ఐటీ విభాగం చూడవలసినది. ఈ పరీక్ష చేయకుండా రాసిన ఉత్తరం రెండు గదుల మధ్య నెలల తరబడి తిరుగుతుంది. వీరు వారినీ, వారు వీరినీ అడగమంటారు.

మరొక గుర్తు కూడా ఉన్నది. చాలా పత్రికల పేజీలలో తలుపు తెరుచుకున్నప్పుడు పై భాగంలో "Access provided by" అని, దాని పక్కన విద్యాసంస్థ పేరు కనిపిస్తుంది. ఆ పేరు కనిపించినా వ్యాసం రాకపోతే కళాశాలను వారు గుర్తించారు గాని ఆ పత్రిక చందాలో లేదని అర్థం. పేరే కనిపించకపోతే గుర్తించనే లేదని అర్థం. కొందరు తమ ఐపీ నంబరు మారిందా లేదా అని చూసి వీపీఎన్ పని చేస్తున్నదో లేదో తేల్చుకుంటారు. అన్నిటినీ కళాశాల మీదుగా పంపే పద్ధతిలో ఆ పరీక్ష సరిపోతుంది. లైబ్రరీ చిరునామాలనే పంపే పద్ధతిలో మాత్రం అది తప్పుదారి పట్టిస్తుంది. నంబరు చూపించే పేజీ ఆ జాబితాలో ఉండదు గనుక వీపీఎన్ చక్కగా పని చేస్తున్నా పాత నంబరే కనిపిస్తుంది. అందువల్ల వ్యాసం పేజీలో విద్యాసంస్థ పేరు ఉన్నదా లేదా అని చూడడమే నమ్మదగిన గుర్తు.

మూడవ జబ్బు పల్లెలకు ప్రత్యేకమైనది. వీపీఎన్ కలుస్తుంది, అయిదు నిమిషాలకు తెగుతుంది. సిగ్నల్ ఒక టవరు నుంచి మరొక టవరుకు మారుతూ ఉంటే దారి తెగి మళ్లీ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోనే వీపీఎన్ యాప్‌ను ఆపివేయడం కూడా ఉన్నది. మిద్దె మీద సిగ్నల్ బాగా ఉన్న చోట ప్రయత్నించి, ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్ష తీసివేసి చూడాలి. అప్పటికీ తెగుతుంటే ఎన్ని నిమిషాలకు తెగుతున్నదో రాసుకోవాలి. ప్రతిసారీ సరిగ్గా ఒకే వ్యవధికి తెగుతుంటే అది కళాశాల యంత్రంలో పెట్టిన గడువు. ఒకసారి రెండు నిమిషాలకు, మరొకసారి ఇరవై నిమిషాలకు తెగుతుంటే అది సిగ్నల్ దోషం. సిగ్నల్‌ను ఐటీ విభాగం బాగు చేయలేదు.

ఈ విషయాలు తెలిసిన తరువాత ఆ అమ్మాయి రాయవలసిన ఉత్తరం ఇలా ఉంటుంది.

"ఐటీ విభాగం అధికారి గారికి, నమస్కారములు. నేను ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం రెండవ సంవత్సరం విద్యార్థినిని. నా రోల్ నంబరు, కళాశాల ఈమెయిలు ఈ దిగువ ఇచ్చాను. సెలవులలో మా ఊరి నుంచి ప్రాజెక్టు పని చేసుకుంటున్నాను. ఆండ్రాయిడ్ ఫోను, సెల్ కంపెనీ డేటా వాడుతున్నాను. ఈ నెల 12వ తేదీ రాత్రి 8 గంటల 40 నిమిషాలకు వీపీఎన్ కలిసింది. కలిసినట్లు యాప్ చూపించింది. కాని నాకు కావలసిన వ్యాసం డబ్బు అడిగింది. పేజీ పైన మన సంస్థ పేరు కనిపించలేదు. వ్యాసం పేరు, డీఓఐ సంఖ్య కింద రాశాను, తెర ఫొటో జత చేశాను. అదే రోజు మధ్యాహ్నం మన లైబ్రరీలో నా స్నేహితురాలికి ఇదే వ్యాసం పూర్తిగా తెరుచుకున్నది. వీపీఎన్ జాబితాలో ఈ పత్రిక చిరునామా ఉన్నదో లేదో చూడవలసిందిగా ప్రార్థన. వీపీఎన్ లేకుండా సంస్థ లాగిన్‌తో తెరిచే వీలు మన సంస్థకు ఉంటే ఆ పద్ధతి తెలియజేసినా చాలును. ఈ నెల 30వ తేదీకి నా ప్రాజెక్టు ఇవ్వవలసి ఉన్నది. ఈ ఉత్తరం ప్రతిని లైబ్రేరియన్ గారికి కూడా పంపుతున్నాను. ఇట్లు, విధేయురాలు."

ఈ ఉత్తరంలో బతిమాలడం లేదు, అలంకారం లేదు. ప్రతి వాక్యానికీ ఒక పని ఉన్నది. గంట, నిమిషం రాయడం ఎందుకంటే, కళాశాల యంత్రం ఎవరు ఎప్పుడు కలిశారో తన చిట్టాలో రాసుకుంటుంది. పేరు, సమయం ఉంటే ఆ వరుస వెంటనే దొరుకుతుంది. "రాత్రి ప్రయత్నించాను" అంటే వేల వరుసలు వెదకాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు. డీఓఐ అనేది వ్యాసానికి ఇచ్చే శాశ్వత సంఖ్య. 10 అంకెతో మొదలవుతుంది. పొలానికి సర్వే నంబరు ఎలాగో వ్యాసానికి అది అలాగ. ఆ సంఖ్య ఉంటే చూసేవారు అదే పేజీని తమ బల్ల మీద తెరుచుకోగలరు. స్నేహితురాలి మాట రాయడం వల్ల చందా సంగతి తేలిపోయింది. ఇక మిగిలింది ఒకే ప్రశ్న, దానికి ఒకే జవాబు.

ఉత్తరంలో రాయకూడనివి కూడా ఉన్నాయి. పాస్‌వర్డ్ రాయరాదు. ఫోనుకు వచ్చిన ఓటీపీ రాయరాదు. ఆధార్ కాగితం జత చేయనక్కర లేదు. సమస్య చూడడానికి ఐటీ విభాగానికి వీటితో పని లేదు. ఎవరైనా అడిగారంటే ఆ అడిగినవారు ఐటీ విభాగం వారేనా అని అనుమానించవలసి ఉంటుంది.

ఉత్తరంలో "సంస్థ లాగిన్" అన్న మాట వచ్చింది. ఇది చాలామంది విద్యార్థులకు తెలియని దారి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఇన్‌ఫెడ్ అనే ఏర్పాటును నడుపుతున్నది. దానిలో చేరిన విద్యాసంస్థ విద్యార్థి, వ్యాసం పేజీలో "Access through your institution" అన్న చోట నొక్కి, తన సంస్థ పేరు వెదికి, సంస్థ ఇచ్చిన పేరు, పాస్‌వర్డ్ కొడితే చాలు. ఇక్కడ విదేశీ సంస్థ లైను నంబరును చూడదు. "ఈమె మా విద్యార్థిని" అని విద్యాసంస్థ చెప్పిన మాటను నమ్ముతుంది. కార్డు అక్కరలేకుండా డీలరు నేరుగా తహసీల్దారు కార్యాలయాన్ని అడిగి తెలుసుకున్నట్లు ఇది. వీపీఎన్ యాప్ ఉండదు, తెగిపోయే బాధ తక్కువ. సిగ్నల్ బలహీనంగా ఉన్న పల్లెలకు వీపీఎన్ కంటే ఇదే మేలు. అందుకే విద్యార్థి అడగవలసినది వీపీఎన్ ఒక్కటే కాదు. ఇంటి నుంచి చదువుకునే వీలును అడగాలి. ఏ దారిన ఇస్తారో సంస్థ చెప్పాలి.

ఈ అడగడం దానం అడగడం కాదు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ముప్ఫయి పెద్ద ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు దీని కింద వస్తాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే 6,300కు పైగా ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలు దీని పరిధిలో ఉన్నాయి. పథకం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దీని చిరునామా onos.gov.in. అంటే పత్తికొండ అమ్మాయి చదవాలనుకున్న వ్యాసానికి ప్రజల డబ్బుతో చందా కట్టి ఉండే అవకాశం ఎంతో ఉన్నది. కట్టిన చందా ఆమె ఊరిదాకా రావడానికి అడ్డం ఒక జాబితాలో చేర్చని చిరునామా, లేదా ఒక విద్యార్థికి ఇవ్వని పాస్‌వర్డ్. ఇంత చిన్న అడ్డం వల్ల అంత పెద్ద ఖర్చు వృథా కావడం విచారకరం.

ఈ పథకానికి ఒక హద్దు ఉన్నది. ప్రైవేటు యాజమాన్యాల కళాశాలలు ఇందులో లేవు. మన రెండు జిల్లాలలో పల్లె పిల్లలు చదివే డిగ్రీ కళాశాలలు అనేకం ప్రైవేటువే. వాటిలో చదివేవారు ఎన్-లిస్ట్ గురించి లైబ్రేరియన్‌ను అడగాలి. దీనిని కూడా ఇన్‌ఫ్లిబ్‌నెట్టే నడుపుతున్నది. చిరునామా nlist.inflibnet.ac.in. కళాశాల సభ్యత్వం తీసుకుని విద్యార్థుల పేర్లు పంపితే, ఒక్కొక్కరికీ విడిగా పేరు, పాస్‌వర్డ్ ఈమెయిలుకు వస్తాయి. ఇంట్లో ఉండి వాడుకోవచ్చు. వీపీఎన్ ప్రసక్తే లేదు. కళాశాల సభ్యత్వం ఉండి కూడా విద్యార్థుల పేర్లు పంపకుండా అధ్యాపకుల పేర్లతో సరిపెట్టారేమో విద్యార్థులు అడిగి తెలుసుకోవాలి.

ఉత్తరం రాయడానికి ముందు చేయవలసిన పని మరొకటి ఉన్నది. కావలసిన వ్యాసం మరెక్కడైనా ఉచితంగా ఉన్నదేమో చూడాలి. మన అమ్మాయి విషయమే చూడండి. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ పైరు కాండం కుళ్లు వైరస్‌తో దెబ్బతిన్నది. దాదాపు 2,25,000 హెక్టార్లలో తెగులు సోకిందని, నష్టం 300 కోట్ల రూపాయల దాకా ఉన్నదని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుందనీ, తామర పురుగుల ద్వారా అది వేరుశనగకు అంటుకుంటుందనీ పరిశోధనలో తేలింది. ఆ పరిశోధనలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్నారు. ఇక్రిశాట్ తన శాస్త్రజ్ఞుల వ్యాసాలను అనేకం oar.icrisat.org అనే చోట అందరికీ ఉచితంగా ఉంచుతున్నది. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధగంగ అనే చోట ఉన్నాయి. వాటికీ పాస్‌వర్డ్ అక్కరలేదు. ఈ రెండూ చూసిన తరువాత కూడా దొరకని వ్యాసాలకే ఐటీ విభాగానికి రాయాలి. పది వ్యాసాలలో నాలుగు ఉచితంగా దొరికినా పని తగ్గినట్లే.

ఐటీ విభాగం వారి వైపు న్యాయం కూడా చెప్పుకోవాలి. వీపీఎన్ ఇవ్వడానికి వారు వెనుకాడితే కారణం ఉంటుంది. ఒక విద్యార్థి తన పాస్‌వర్డ్‌ను నలుగురికి చెబుతాడు. ఆ నలుగురిలో ఒకరు ఏదో యాప్ పెట్టి పత్రిక మొత్తాన్ని, సంచికల తరబడి, రాత్రంతా దించుతారు. ప్రచురణ సంస్థల యంత్రాలు దీనిని పసిగడతాయి. వారు ఆ ఒక్కరినే ఆపరు. కళాశాల నంబరునే ఆపివేస్తారు. మరునాడు లైబ్రరీలో కూర్చున్న వారికి కూడా తలుపు మూసుకుంటుంది. తిరిగి తెరిపించడానికి వివరణ రాసుకోవలసింది కళాశాలే. అందువల్ల పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకపోవడం, కావలసిన వ్యాసాలను ఒక్కొక్కటిగా దించుకోవడం విద్యార్థి బాధ్యత. పని అయిపోగానే వీపీఎన్ ఆపివేయడం కూడా అవసరమే. అన్నిటినీ కళాశాల మీదుగా పంపే పద్ధతి అయితే, ఆ తరువాత ఇంట్లో తమ్ముడు చూసే సినిమా కూడా కళాశాల లైను మీదుగానే పోతుంది.

అయినా వెనుకాడడానికి కారణం ఉన్నదని మొత్తానికే ఇవ్వకపోవడం సరికాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పిల్లలంతా ఊళ్లకు చేరినప్పుడు, లైబ్రరీ భవనానికి తాళం పడితే చదువుకు తాళం పడకూడదని అందరికీ అనుభవమైంది. ఆ రోజులు పోయినవి గాని, సెలవులకు ఊరికి వచ్చే పిల్లలు, హాస్టలుకు డబ్బు లేక బస్సులో తిరిగే పిల్లలు, కోత రోజులలో ఇంటి దగ్గర ఆగిపోయే పిల్లలు ఇప్పుడూ ఉన్నారు. పత్తికొండ, ఆలూరు వైపు నుంచి కర్నూలుకు ఒక వ్యాసం కోసం పోయి రావాలంటే ఒక పగలు, బస్సు చార్జీలు, ఒక కూలి పోయినట్లే. పులివెందుల, జమ్మలమడుగు వైపు పల్లెల నుంచి కడపకు పోయేవారి సంగతీ ఇంతే.

కళాశాలలు చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నోటీసు బోర్డు మీద, ప్రవేశాల రోజున ఇచ్చే కాగితంలో నాలుగు మాటలు తెలుగులో రాసి పెట్టాలి. ఇంటి నుంచి చదువుకోవడానికి మన సంస్థలో ఉన్న దారి ఏది, వీపీఎన్‌నా, ఇన్‌ఫెడ్ లాగినా, ఎన్-లిస్టా? పేరు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర తీసుకోవాలి? పని చేయకపోతే ఏ వివరాలతో ఎవరికి రాయాలి? ఎన్ని రోజులలో జవాబు వస్తుంది? కొత్త పత్రికకు చందా వచ్చిన రోజునే లైబ్రేరియన్ ఆ చిరునామాను ఐటీ విభాగానికి రాసి పంపే అలవాటు కూడా ఉండాలి. ఈ రెండు గదుల మధ్య ఒక చిన్న చీటీ నడిస్తే సగం ఉత్తరాలు రాయవలసిన అవసరమే ఉండదు.

విద్యార్థులు కూడా "పని చేయడం లేదు" అన్న రెండు మాటల ఉత్తరం మానుకోవాలి. ఏ రోజు, ఏ గంటకు, ఏ వ్యాసం, ఏ మాట చూపించి ఆగింది, అదే వ్యాసం కళాశాలలో తెరుచుకున్నదా అన్న అయిదు సంగతులు రాస్తే జవాబు ఇవ్వక తప్పదు. వారం రోజులకు జవాబు రాకపోతే అదే ఉత్తరం ప్రతిని ప్రిన్సిపాల్ గారికి పంపవచ్చు. అన్ని వివరాలూ ఉన్న ఉత్తరాన్ని "మరోసారి ప్రయత్నించండి" అని తిప్పి పంపడం ఎవరికీ సులభం కాదు.

పత్తికొండ అవతలి మిద్దె మీద కూర్చున్న ఆ అమ్మాయి చదవదలచినది తన చేలో ఉన్న తెగులు గురించే. గట్టు మీది వయ్యారిభామను పూతకు రాకముందే ఎందుకు పీకాలో ఆమె చదివి తెలుసుకుంటే, ఆ మాట ముందుగా వినేది ఆమె తండ్రి, ఆ తరువాత పక్క చేను రైతు. ఆ వ్యాసానికి చందా కట్టి ఉంటే దానిని ఆమెదాకా చేర్చవలసిన బాధ్యత కళాశాలలది. వచ్చే సెలవులు మొదలయ్యేలోగా రెండు జిల్లాల కళాశాలలు ఆ నోటీసు అంటించాలి.